సప్లయర్ బ్యాంక్ అకౌంట్ మార్చమని మెయిల్ పెట్టారు, నెలాఖరు పేమెంట్ ఉంది. కొత్త అకౌంట్‌కి వేసేయవచ్చా?

బాలానగర్_అకౌంట్స్ | మార్చి 24, సాయంత్రం 6:12

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్ బాలానగర్‌లో మోటారు పంపులు తయారు చేసే చిన్న ఫ్యాక్టరీ. అకౌంట్స్‌లో నేను, ఇంకో అబ్బాయి, అంతే. కోయంబత్తూరులోని ఒక ఫౌండ్రీ నుంచి ఆరేళ్లుగా క్యాస్టింగులు తెప్పించుకుంటున్నాం. ఫిబ్రవరి 12న దిగిన సరుకు తాలూకు రూ. 18,64,300 వాళ్లకి వెళ్లాలి.

నిన్న వాళ్ల అకౌంట్స్ నుంచి మెయిల్ వచ్చింది. "ఆడిట్ వల్ల పాత అకౌంట్‌లో లావాదేవీలు ఆపేశాం, ఇకపై ఈ కొత్త అకౌంట్‌కే పంపండి" అన్నారు. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం, క్యాన్సిల్డ్ చెక్ జత చేశారు. మేం రోజూ రాసుకునే మెయిల్ ఐడీ నుంచే వచ్చింది. పాత మెయిల్ కిందే జవాబుగా వచ్చింది, కింద మా పీవో నంబర్, బిల్లు నంబర్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎంఎస్‌ఎంఈ కాబట్టి 45 రోజుల గడువు 29తో అయిపోతుందని, ఈలోపే వేయమని కూడా రాశారు. మా సార్ రేపు పొద్దున్నే వేసేయమంటున్నారు. నాకెందుకో మనసొప్పడం లేదు. ఇంకేం చూడాలి?

టాలీ_రమణ | సాయంత్రం 6:40

సులభమే అండి. సప్లయర్ లెడ్జర్‌ని ఆల్టర్‌లో తెరవండి, బ్యాంక్ వివరాల దగ్గర ఎస్ పెట్టి కొత్త అకౌంట్ నంబర్, ఐఎఫ్‌ఎస్‌సీ కొట్టి సేవ్ చేయండి. పాతది తీసేయకండి, రెండోదిగా చేర్చుకోవచ్చు. పాత వోచర్లు ఏమీ చెడవు.

బాలానగర్_అకౌంట్స్ | సాయంత్రం 6:47

రమణ గారూ, ఎలా మార్చాలో తెలుసండి. అసలు మార్చవచ్చా లేదా అన్నదే నా సందేహం.

సీఏ_ఇంటర్_కిరణ్ | సాయంత్రం 7:05

క్యాన్సిల్డ్ చెక్, లెటర్‌హెడ్ రెండూ ఉంటే చాలు సార్. మా ఆఫీసులో ఆడిట్‌కి అడిగేది కూడా ఈ రెండే. ఇంకా అనుమానం ఉంటే జీఎస్టీ పోర్టల్‌లో వాళ్ల జీఎస్టీఐఎన్ కొట్టి చూడండి. కొత్త అకౌంట్‌కి ఒక రూపాయి ఎన్‌ఈఎఫ్‌టీ చేసి, అందిందా అని మెయిల్‌లో అడగండి. అందిందంటే మిగతాది వేసేయండి.

మాస్టర్‌డేటా_మేడమ్ | రాత్రి 8:31

బాలానగర్ గారూ, రేపు పొద్దున ఆ పేమెంట్ వేయకండి. నేను పంతొమ్మిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, అందులో పదేళ్లు వెండర్ వివరాల మార్పులు చూసే టీమ్‌లోనే. మీరు చెప్పిన గుర్తులు నాకు బాగా తెలిసినవే.

కిరణ్ గారూ, మీరు చెప్పినవి కాగితాలు సరిపోయాయా లేదా అని చూడటానికి పనికొస్తాయి. ఆ కాగితం ఎవరు పంపారన్నది వాటిలో తెలియదు. జీఎస్టీ పోర్టల్‌లో బయటివాళ్లకి కనిపించేది పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ పరిస్థితి. బ్యాంక్ అకౌంట్ కనిపించదు. మోసగాడు వాడేది అసలు కంపెనీ జీఎస్టీఐఎన్నే కాబట్టి అది సరిగ్గానే వస్తుంది. ఇక రూపాయి సంగతి. ఎన్‌ఈఎఫ్‌టీలో ఒక రూపాయి వెళ్లిందంటే ఆ నంబర్‌తో ఒక అకౌంట్ ఉందని మాత్రమే అర్థం. ఎన్‌ఈఎఫ్‌టీ, ఆర్‌టీజీఎస్‌లో డబ్బు జమ అయ్యేది అకౌంట్ నంబర్‌ని బట్టే. పేరు మీరు ఏది కొట్టినా జమ ఆగదు. అందిందా అని మెయిల్‌లో అడిగితే, అందిందని చెప్పేది ఎవరు? మెయిల్‌బాక్స్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు.

మీ విషయంలో భయపెట్టేది ఆ పాత మెయిల్ కిందే జవాబు రావడం. వేరే ఐడీ నుంచి వస్తే అక్షరం తేడా పట్టుకోవచ్చు. అదే ఐడీ, అదే సంభాషణ అంటే సప్లయర్ మెయిల్‌బాక్స్‌లోకే ఎవరో దూరి ఉండవచ్చు. వాళ్లు వారాల తరబడి చదువుతారు. ఏ బిల్లు ఎప్పుడు కట్టాలి, మీరు ఎవరిని ఏమని పిలుస్తారు అన్నీ తెలుసుకుని, పెద్ద బిల్లు గడువు దగ్గరపడ్డాక రాస్తారు.

మూడు ప్రశ్నలు. ఒకటి, ఆ మెయిల్‌లో సీసీలో ఎవరెవరున్నారు? పేరు కాకుండా అడ్రస్ అక్షరం అక్షరం చదవండి. రెండు, మీరు ఎవరికైనా ఫోన్ చేశారా? చేస్తే ఆ నంబర్ మీకు ఎక్కడ దొరికింది? మూడు, చెక్ ఫొటోలో అడుగున ఉన్న తెల్ల పట్టీలో అంకెలు ఏమిటి? పూర్తి అంకెలు ఇక్కడ పెట్టకండి. మధ్యలో తొమ్మిది అంకెల గుంపులో మొదటి మూడు, మొత్తం వరుసలో చివరి రెండు చెప్పండి చాలు.

బాలానగర్_అకౌంట్స్ | రాత్రి 9:10

మేడమ్, ఫోన్ చేశాను. మధ్యాహ్నం. లెటర్‌హెడ్ మీద ఉన్న మొబైల్ నంబర్‌కి. ఎవరో ఇంగ్లిష్‌లో మాట్లాడారు. "అవును సార్, మేమే పంపాం, బిల్లు 18,64,300 కదా" అని ఆయనే అన్నాడు. ఆ మాటతో సగం టెన్షన్ తగ్గింది. మా సార్‌కి కూడా అదే చెప్పాను.

తొమ్మిది అంకెల్లో మొదటివి 641. చివరి రెండు 31.

సీసీలో ఫౌండ్రీ ఓనర్ గారి ఐడీ ఉంది. ఇప్పుడు మీరు చెప్పాక అక్షరం అక్షరం చదివాను. డొమైన్ పేరులో m ఉండాల్సిన చోట r, n పక్కపక్కన ఉన్నాయి. ఫోన్ తెర మీద చూస్తే అసలు తెలియదు. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే కనిపించింది. చేతులు చల్లబడ్డాయి మేడమ్.

మాస్టర్‌డేటా_మేడమ్ | రాత్రి 9:38

చల్లబడాల్సిన అవసరం లేదు, డబ్బు ఇంకా మీ దగ్గరే ఉంది.

ఆ సీసీ ఎందుకు అలా పెట్టారంటే, మీరు అందరికీ జవాబు కొట్టినప్పుడు అసలు ఓనర్‌కి కాపీ వెళ్లకూడదు. మీకు మాత్రం ఆయన కూడా చూస్తున్నాడన్న ధైర్యం ఉండాలి. అకౌంట్స్ ఐడీ నిజమైనదే అయినా అక్కడ మీ జవాబులు మనిషి కంటపడకుండా ఒక రూల్ పెట్టి ఉంటారు. మీ కంపెనీ పేరుతో వచ్చే మెయిల్ చదివినట్టు గుర్తు పడి, ఎవరూ తెరవని ఫోల్డర్‌లోకి వెళ్లిపోతుంది. అందుకే మెయిల్ హెడర్ చూసి అంతా పాస్ అయింది కదా అని నమ్మకూడదు. అసలు మెయిల్‌బాక్స్ నుంచి వచ్చినది ఎలాగూ పాస్ అవుతుంది.

ఇక చెక్. మధ్యలో ఉండేది ఎంఐసీఆర్ కోడ్, దానిలో మొదటి మూడు అంకెలు ఊరిని చెబుతాయి, పిన్‌కోడ్ మొదటి మూడంకెల్లాగే. 641 అంటే కోయంబత్తూరు. ఇప్పుడు ఆ చెక్ మీదున్న ఐఎఫ్‌ఎస్‌సీ ఏ ఊరి బ్రాంచిదో రిజర్వ్ బ్యాంక్ సైట్‌లో చూడండి. చివరి రెండు 31 అంటే మామూలుగా సేవింగ్స్ చెక్. కంపెనీ కరెంట్ అకౌంట్ చెక్ మీద ఎక్కువగా 29 కనిపిస్తుంది, క్యాష్ క్రెడిట్ అయితే 30. ఏదో సేవింగ్స్ చెక్ ఫొటో తీసుకుని పైన పేరు, నంబర్ మార్చి ఉండవచ్చు. కానీ ఒక మాట. ఇది అజాగ్రత్తగా చేసినవాడినే పట్టిస్తుంది. జాగ్రత్తగా చేసిన చెక్‌లో అన్నీ సరిపోతాయి. సరిపోతే సరైనదే అనుకోకండి.

అన్నిటికన్నా ముఖ్యం ఆ ఫోన్. మీరు ఫోన్ చేసింది సప్లయర్‌కి కాదు, ఆ ఉత్తరం రాసినవాడికి. మార్పు అడిగిన కాగితంలో ఉన్న నంబర్‌కి, ఆ మెయిల్ సంతకంలో ఉన్న నంబర్‌కి చేసిన ఫోన్ లెక్కలోకి రాదు. ఈ మెయిల్ రాకముందే మీ దగ్గర ఉన్న నంబర్ కావాలి. మొదట వెండర్‌గా చేర్చినప్పుడు నింపిన ఫారం, పాత పీవో, రెండు మూడేళ్ల కిందటి బిల్లు కాగితం. కంప్యూటర్‌లో ఉన్న నంబర్ వాడితే అది ఈ మధ్య ఎవరైనా మార్చారేమో చూసుకోండి. మోసగాళ్లు మొదట "మా ఫోన్ నంబర్ మారింది" అని ఒక మెయిల్ పెట్టి, నెల ఆగి అకౌంట్ మార్పు అడిగిన సందర్భాలు నేనే చూశాను.

స్టోర్స్_వెంకటేశ్ | రాత్రి 9:55

అన్నా, నేను స్టోర్స్ మనిషిని, అకౌంట్స్ తెలియదు. కానీ నంబర్ కావాలంటే మీ గేటు రిజిస్టర్ చూడండి. లారీ వచ్చినప్పుడు డిస్పాచ్ వాళ్లతో మాట్లాడేది మేమే. సరుకు తక్కువ వచ్చినా, పగిలిపోయినా ఫోన్ కొట్టే మనిషి మా దగ్గర ఉంటాడు. ఆయన గొంతు మాకు తెలుసు. ఆయన్ని పట్టుకుంటే ఓనర్ దాకా వెళ్లడం పెద్ద పని కాదు.

మాస్టర్‌డేటా_మేడమ్ | రాత్రి 10:02

వెంకటేశ్ గారూ, చాలా మంచి దారి చెప్పారు. మెయిల్‌తో సంబంధం లేని దారి అది.

బాలానగర్ గారూ, ఫోన్ చేసినప్పుడు కొత్త నంబర్ మీరు చదివి "ఇదేనా" అని అడగకండి. అవునవును అనేస్తారు. "మీ అకౌంట్ ఏమైనా మారిందా" అని మాత్రం అడిగి, మారిందంటే నంబర్ వాళ్లనే చదవమనండి. మీరు కాగితం మీద రాసుకుని పోల్చుకోండి.

ఆటోనగర్_సప్లయర్ | మార్చి 25, ఉదయం 7:20

విజయవాడ ఆటోనగర్ నుంచి. సప్లయర్ల వైపు మాట కూడా ఒకటి వినండి. పోయిన ఏడాది మా క్యాష్ క్రెడిట్ లిమిట్ ఒక బ్యాంక్ నుంచి ఇంకో బ్యాంక్‌కి మారింది. కొత్త బ్యాంక్ వాళ్లు అమ్మకాల డబ్బంతా తమ అకౌంట్‌లోనే పడాలన్నారు. పాతది మూసేశారు. అందరు కస్టమర్లకీ ఉత్తరం రాశాం. ఒక పెద్ద కంపెనీ వెరిఫికేషన్ అంటూ ఇరవై మూడు రోజులు బిల్లు ఆపింది. అడిగితే ఫారం ఒకటి, మళ్లీ ఇంకో ఫారం. ఆ నెల మా వర్కర్ల జీతాలకి బయట వడ్డీకి తెచ్చాను. మోసాలు జరుగుతున్నాయి, కాదనను. కానీ జాగ్రత్త పేరుతో మా డబ్బు మీ దగ్గర ఉంచుకోవడం న్యాయం కాదు.

మాస్టర్‌డేటా_మేడమ్ | ఉదయం 8:15

మీ బాధ నిజం సార్. అసలు మార్పులు కూడా బోలెడు జరుగుతాయి. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసినప్పుడు వందల వెండర్ల ఐఎఫ్‌ఎస్‌సీ మార్చాం, ANDB తో మొదలయ్యేవన్నీ UBIN అయ్యాయి. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ బ్యాంకులన్నీ ఒకటయ్యాయి. అలాంటి కారణం ఉంటే అది ఊరందరికీ తెలిసినదే, సరిచూడటం తేలిక.

ఇరవై మూడు రోజులు పట్టిందంటే అది వెరిఫికేషన్ కాదు, బల్ల మీద కాగితం పడి ఉండటం. మా దగ్గర నియమం రెండు పని రోజులు. పాత అకౌంట్ ఇంకా నడుస్తుంటే, మార్పు తేలేదాకా పాతదానికే వేస్తాం. మీరు కూడా పాత అకౌంట్‌ని ఒకటి రెండు నెలలు తెరిచి ఉంచగలిగితే ఎవరి డబ్బూ ఆగదు.

ఆటోనగర్_సప్లయర్ | ఉదయం 8:29

పాతది తెరిచి ఉంచడం మా చేతిలో లేదు మేడమ్. కొత్త బ్యాంక్ వాళ్లు మూసిన సర్టిఫికెట్ అడుగుతారు. రెండు రోజులంటే ఒప్పుకుంటాను.

సీఏ_ఇంటర్_కిరణ్ | ఉదయం 9:02

మేడమ్, రూపాయి విషయంలో నేను తప్పు చెప్పాను, ఒప్పుకుంటున్నాను. కానీ ఇప్పుడు బ్యాంక్ యాప్‌లోనే అకౌంట్ నంబర్, ఐఎఫ్‌ఎస్‌సీ కొడితే అసలు పేరు చూపిస్తోంది కదా. 2025 ఏప్రిల్ 1 నుంచి ఎన్‌ఈఎఫ్‌టీ, ఆర్‌టీజీఎస్‌కి ఈ సౌకర్యం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ అన్ని బ్యాంకులకూ చెప్పింది, చార్జీ కూడా లేదు. ఇక ఫోన్‌తో పనేముంది?

మాస్టర్‌డేటా_మేడమ్ | ఉదయం 9:26

ఈసారి మీరు చెప్పింది చాలా వరకు సరైనదే. తప్పకుండా వాడాలి. ఐఎంపీఎస్‌లో ఒక రూపాయి పంపి పేరు తెప్పించే పెన్నీ డ్రాప్ కూడా అలాంటిదే. పేరు వేరే వస్తే అక్కడికక్కడే ఆపేయవచ్చు.

పేరు సరిపోయినప్పుడే చిక్కు. పెద్ద మొత్తాల వెనక ఉన్నవాళ్లు ఇంచుమించు అదే పేరుతో ఒక ప్రొప్రైటర్ సంస్థ పెట్టి కరెంట్ అకౌంట్ తెరుస్తారు. అసలు కంపెనీ పేరు చివర ప్రైవేట్ లిమిటెడ్ ఉంటుంది, వీళ్లది "ట్రేడర్స్" అని ఉంటుంది, ముందు రెండు పదాలు ఒకటే. తెర మీద పేరు ముక్క కనిపించగానే సరే అనేసేవాళ్లు ఎక్కువ. ఇంకోటి, మన పేమెంట్లు ఒక్కొక్కటిగా వెళ్లవు, ఎక్సెల్ ఫైలు ఎక్కించి వంద కలిపి పంపుతాం. ఆ దారిలో పేరు చూపించే దశ మీ బ్యాంక్ పెట్టిందో లేదో అడిగి తెలుసుకోండి. పెట్టకపోతే కొత్త అకౌంట్‌ని ముందు విడిగా కొట్టి పేరు చూసుకోవాలి. పేరు చూడటం, ఫోన్ చేయడం రెండూ కావాలి. ఒకటి అకౌంట్ ఎవరిదో చెబుతుంది, ఇంకోటి అడిగింది ఎవరో చెబుతుంది.

బాలానగర్_అకౌంట్స్ | మార్చి 25, మధ్యాహ్నం 12:48

అప్‌డేట్. ఉదయం మా సార్‌ని కూర్చోబెట్టి సీసీలో ఆ అక్షరాలు చూపించాను. ఒక్క మాట అనలేదు, "ఆపేయ్" అన్నారు.

2021 నాటి పీవో ఫైలు తీస్తే ఫౌండ్రీ ల్యాండ్‌లైన్ దొరికింది, అది పని చేయడం లేదు. వెంకటేశ్ గారు చెప్పినట్టు మా గేటు రిజిస్టర్ తీశాం. డిస్పాచ్ సూపర్‌వైజర్ నంబర్ మూడు చోట్ల రాసి ఉంది. ఆయనకి తెలుగు కొంచెం వచ్చు, మా స్టోర్స్ అబ్బాయితో ఎప్పుడూ మాట్లాడే మనిషే. ఫోన్‌ని నేరుగా ఓనర్ గారి దగ్గరికి తీసుకెళ్లాడు. "మీ బ్యాంక్ అకౌంట్ ఏమైనా మారిందా సార్" అని మాత్రమే అడిగాను. "లేదే, ఎవరు చెప్పారు?" అన్నారు. తర్వాత ఆయన కాసేపు మాట్లాడలేదు. పక్కన ఎవరినో పిలిచి తమిళంలో గట్టిగా ఏదో అడగడం వినిపించింది.

చెక్ మీదున్న ఐఎఫ్‌ఎస్‌సీ చూస్తే అది వేరే రాష్ట్రంలో బ్రాంచి. 641 కీ దానికీ సంబంధమే లేదు. మా బ్యాంక్ పోర్టల్‌లో ఆ నంబర్ కొడితే ఒక మనిషి పేరు వచ్చింది. అంటే యాప్‌లో పేరు చూసినా తెలిసేదే. కానీ నిన్న నేను అది కూడా చూడలేదు. ఫోన్‌లో బిల్లు మొత్తం చెప్పగానే నమ్మేశాను.

పాత అకౌంట్‌కి ఇవాళ ఆర్‌టీజీఎస్ చేశాం. ఓనర్ గారే ఫోన్ చేసి అందిందని చెప్పారు.

వరంగల్_స్పిన్నింగ్ | మధ్యాహ్నం 2:15

మీరు అదృష్టవంతులు అండి. మాకు రెండేళ్ల కిందట ఇదే జరిగింది, డబ్బు వెళ్లిపోయింది. రూ. 11,20,000, శుక్రవారం మధ్యాహ్నం ఆర్‌టీజీఎస్. మాకు తెలిసింది ఎనిమిది రోజుల తర్వాత, అసలు సప్లయర్ బిల్లు గురించి ఫోన్ చేసినప్పుడు. ఆ అబ్బాయి, మా దగ్గర పేమెంట్ వేసినవాడు, ఆ రోజు అన్నం తినలేదు.

1930కి ఫోన్ చేశాం, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టాం, యూటీఆర్ నంబర్ ఇచ్చాం, మా బ్యాంక్‌కి కూడా రాశాం. డబ్బు ఒక అకౌంట్ నుంచి నాలుగింటికి, వాటి నుంచి ఇంకా చాలా వాటికి చీలిపోయింది. ఆపగలిగింది రూ. 1,38,000. అది కూడా చేతికి రావడానికి కోర్టు ఆర్డర్ కావాలన్నారు, ఏడు నెలలు పట్టింది. మొదటి గంటలో చెప్పి ఉంటే ఎక్కువ దొరికేదని స్టేషన్‌లో చెప్పారు. కానీ తెలిసేదే ఎనిమిది రోజులకి కదా. అసలు సప్లయర్ అడిగేదాకా ఎవరికీ తెలియదు, ఈ మోసంలో ఉన్న చెడ్డ సంగతి అదే. అందుకే ఇప్పుడు కొత్త అకౌంట్‌కి మొదటి పేమెంట్ వేసిన రోజే పాత నంబర్‌కి ఫోన్ చేసి అందిందా అని అడుగుతున్నాం.

డాలస్_ఏపీ_డెస్క్ | రాత్రి 9:40

అమెరికాలో పేయబుల్స్‌లో పని చేస్తున్నాను. చిన్న కంపెనీలకే ఇలా జరుగుతుందనుకోకండి. 2013 నుంచి 2015 మధ్య ఎవాల్దాస్ రిమసౌస్కస్ అనే లిథువేనియా మనిషి, తైవాన్ కంపెనీ క్వాంటా పేరుతో తానే ఒక కంపెనీ రిజిస్టర్ చేసి, ఆ పేరుతో బ్యాంక్ అకౌంట్లు తెరిచి, గూగుల్, ఫేస్‌బుక్‌ల నుంచి 12 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. 2019లో అయిదేళ్ల జైలు పడింది. పైన మేడమ్ చెప్పిన పేరు సరిపోయే అకౌంట్ సంగతి సరిగ్గా ఇదే. అక్కడ పేరు చూసినా పట్టుబడేది కాదు.

మా దగ్గర బ్యాంకుల మధ్య డబ్బు పంపే ఏసీహెచ్‌లో కూడా జమ నంబర్‌ని బట్టే. విదేశీ సప్లయర్లయితే ఇంకా కష్టం. వాళ్ల పగలు మనకి రాత్రి, ఫోన్ ఎత్తే మనిషి దొరకడు, దాంతో మెయిల్‌తోనే కానిచ్చేయాలనిపిస్తుంది. మేం ఆ దేశపు సమయానికి ఒకరిని కూర్చోబెడతాం.

బాలానగర్_అకౌంట్స్ | మార్చి 26, ఉదయం 10:05

మేడమ్, మేం ఇద్దరమే. పెద్ద కంపెనీల్లాగా టీమ్‌లు లేవు. మాకు సరిపోయేలా ఎలా పెట్టుకోవాలి?

మాస్టర్‌డేటా_మేడమ్ | ఉదయం 11:30

మా దగ్గర SAP లో వెండర్ బ్యాంక్ నంబర్‌ని సున్నితమైన ఫీల్డుగా పెట్టాం. ఒకరు మార్చగానే ఆ వెండర్ పేమెంట్లు ఆగిపోతాయి, ఇంకొకరు FK08 అనే ఆమోదం తెరలో సరే అంటేనే కదులుతాయి. మార్చినవాళ్లే సరే అనలేరు. మీకు కావాల్సింది ఆ ఆలోచన ఒక్కటే, సాఫ్ట్‌వేర్ కాదు.

ఒక నోట్‌బుక్ పెట్టండి. మార్పు అడిగిన తేదీ, ఎవరికి ఫోన్ చేశారు, ఆ నంబర్ ఏ కాగితంలోంచి తీశారు, వాళ్లు చదివిన అకౌంట్‌లో చివరి నాలుగంకెలు, బ్యాంక్ చూపించిన పేరు. ఫోన్ మీరు చేస్తే, టాలీలో ఆ అబ్బాయి మార్చాలి. బ్యాంక్ పోర్టల్‌లో బెనిఫిషియరీగా చేర్చినప్పుడు సరే అనేది మీ సార్, ఆ నోట్‌బుక్ ముందు పెట్టుకుని. ఓటీపీ సార్ ఫోన్‌కి వస్తుంది కాబట్టి ఆ అధికారం ఆయన దగ్గరే ఉండాలి. ఓటీపీ అడిగి మీరే కొట్టే అలవాటు ఉంటే అది ఇవాళే మానేయండి.

ఇంకో చోటు జనం మరిచిపోతారు. టాలీలో నంబర్ సరిగ్గా ఉంటుంది, బ్యాంక్‌కి ఎక్కించే ఎక్సెల్ ఫైలులో వేరే ఉంటుంది. మధ్యలో ఆ ఫైలు ఎవరైనా మార్చవచ్చు, తప్పుగా పాత ఫైలు వాడవచ్చు. సార్ చూసి సంతకం పెట్టాల్సింది బ్యాంక్ పోర్టల్‌లో ఎక్కిన జాబితా మీద. నెలకోసారి టాలీ ఎడిట్ లాగ్ తెరిచి ఆ నెలలో ఏ లెడ్జర్ల బ్యాంక్ వివరాలు మారాయో చూసి, నోట్‌బుక్‌తో సరిపోల్చండి. నోట్‌బుక్‌లో లేని మార్పు కనిపిస్తే అక్కడే వెతకాలి.

వరంగల్_స్పిన్నింగ్ | ఉదయం 11:52

మా కేసులో ఒక విషయం ఇప్పటికీ తేలలేదు, తెలిసినవాళ్లు చెప్పండి. మెయిల్‌బాక్స్ పోగొట్టుకున్నది సప్లయర్. మోసపోయింది మేం. ఆయన "నా బిల్లు నాకు రాలేదు, మళ్లీ కట్టండి" అన్నాడు. చివరికి సగం సగం పంచుకున్నాం, ఆరేళ్ల స్నేహం పోయింది. ఇది న్యాయమేనా?

ఆటోనగర్_సప్లయర్ | మధ్యాహ్నం 12:10

సప్లయర్‌గా నా మాట: సరుకు ఇచ్చాను, డబ్బు నాకు చేరలేదు. బాకీ బాకీనే. మీరు నాకు ఫోన్ చేసి ఉంటే ఆగిపోయేది కదా.

సీఏ_ఇంటర్_కిరణ్ | మధ్యాహ్నం 12:24

ఆయన మెయిల్‌కి రెండో దశ పాస్‌వర్డ్ లేకపోవడం వల్లే దొంగ లోపలికి వచ్చాడు. ఆయన వైపు నిర్లక్ష్యం లేదా? నాకైతే మొత్తం కొనేవాడి మీదే వేయడం సరి కాదనిపిస్తోంది.

మాస్టర్‌డేటా_మేడమ్ | మధ్యాహ్నం 12:41

వేరే అకౌంట్‌కి వేసినంత మాత్రాన బాకీ తీరదు, మొదట వినిపించే మాట అదే. ఆ తర్వాత ఎవరి నిర్లక్ష్యం ఎంత అన్నది పీవోలో ఏం రాసుకున్నారు, ఎవరు ఎప్పుడు ఏం గమనించారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. వకీలుకి కాగితాలు చూపించి అడగాల్సిందే. నేను చేసిందేమిటంటే, మా పీవో షరతుల్లో ఒక వాక్యం చేర్పించాను: అకౌంట్ మార్పు ఇద్దరి మధ్య ఫోన్‌లో ఖాయం అయ్యాకే చెల్లుతుంది, మెయిల్ ఒక్కటే చాలదు, ఫలానా ఇద్దరి నంబర్లు ఇవి అని. సప్లయర్లు ఎవరూ కాదనలేదు.

బాలానగర్_అకౌంట్స్ | మార్చి 27, సాయంత్రం 5:30

ఫౌండ్రీ ఓనర్ గారు ఇవాళ మళ్లీ ఫోన్ చేశారు. వాళ్ల కంప్యూటర్ మనిషి వచ్చి చూస్తే మేడమ్ చెప్పినట్టే రూల్ దొరికింది. మా కంపెనీ పేరుతో పాటు ఇంకో నలుగురు కస్టమర్ల పేర్లు కూడా ఆ రూల్‌లో ఉన్నాయట. ఫిబ్రవరి మొదటి వారం నుంచి నడుస్తోంది. నలుగురికీ ఆయనే స్వయంగా ఫోన్ చేస్తున్నారు. ముగ్గురు దొరికారు, ఎవరూ వేయలేదు. నాలుగో కంపెనీలో ఫోన్ ఎత్తడం లేదు, ఎవరి దగ్గరా వేరే నంబర్ లేదు. వాళ్ల గేటు నంబర్ ఎవరైనా లారీ ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల దగ్గర దొరుకుతుందేమో అని మా వెంకటేశ్ గారి దారిలోనే వెతుకుతున్నారు. ఏదైనా తెలిస్తే ఇక్కడ రాస్తాను.